గజ్జి కాదు, నిమ్మరసం మీద ఎండ

పోస్టు కొంచెం పెద్దదే. హాస్టల్లో ఉండే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, ఆదివారాలు కేటరింగ్ పనికి వెళ్ళేవాళ్ళు మాత్రం చివరిదాకా చదవండి.

నేను బీఎస్సీ బీజెడ్‌సీ రెండో సంవత్సరం. మాది చింతూరు వైపు కొండ కింద ఊరు. మా ఇంట్లో కాలేజీకి వచ్చింది నేనే మొదలు. మెస్ బిల్లు, రికార్డులు, జెరాక్సుల ఖర్చుకి నెలకి రెండు మూడు ఆదివారాలు పెళ్ళిళ్ళలో కేటరింగ్‌కి వెళ్తాను. మనలో చాలామంది వెళ్తారు కదా, కొత్తగా చెప్పక్కర్లేదు.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం అలాగే వెళ్ళాం, మా హాస్టల్ నుంచి నలుగురం. వచ్చినవాళ్ళకి ముందు నిమ్మకాయ షర్బత్ ఇవ్వాలన్నారు. రెండు గోనె సంచుల కాయలు తెచ్చి పడేశారు. పిండే చెక్క ఒకటే ఉంది, అది కూడా అరగంటలో విరిగిపోయింది. ఇక చేత్తోనే. నీళ్ళ కుళాయి ఫంక్షన్ హాల్ వెనకాల ఆరుబయట ఉంది, పైన టెంటు లేదు. పది గంటలకి కూర్చుంటే ఒంటిగంట దాకా అక్కడే. ఒక చేత్తో కాయ నొక్కడం, రసం మణికట్టు మీంచి మోచేతి దాకా కారడం, దాన్ని చొక్కాకి తుడుచుకోవడం, మళ్ళీ నొక్కడం. చెమట పడితే అదే తడి చేత్తో మెడ వెనక రుద్దుకున్నాను. ఆ రుద్దుకోవడం గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఆ రోజు ఏమీ కాలేదు. డబ్బులు ఇచ్చారు, తిన్నాం, వచ్చి పడుకున్నాం. సోమవారం సాయంత్రం చేతులు కొంచెం మండాయి. ఎండకి తిరిగాం కదా అనుకున్నాను. మంగళవారం పొద్దున్న లేచేసరికి కుడి చేతి వెనక భాగం, మణికట్టు నుంచి మోచేతి వరకు గీతలు గీతలుగా ఉబ్బింది. మన రంగు ఒంటి మీద ఎరుపు అంత తేలిగ్గా కనబడదు, ముదురు ఊదా రంగులా కనబడింది. సాయంత్రానికి ఆ గీతల మీదే నీటి పొక్కులు. బుధవారం అవి ఒకదానికొకటి కలిసి ఇంత పొడుగు బొబ్బలయ్యాయి. దురద కంటే మంట ఎక్కువ. వేడి గిన్నె తగిలినట్టు మంట.

అసలు బాధ అది కాదు. మా రూములో ఆరుగురం ఉంటాం. మంగళవారం రాత్రికే ఒకడు నా పక్కన ఉన్న తన చాప తీసి అవతల గోడ దగ్గర వేసుకున్నాడు. బుధవారం మెస్‌లో నా పళ్ళెం విడిగా పెట్టమన్నారు. "ఏజెన్సీ గజ్జి" అని ఎవరో అన్నారు. ఎవరన్నారో తెలుసు, రాయను. మన పిల్లలకి ఒంటి మీద ఏ మచ్చ వచ్చినా ముందు వచ్చే మాట అదే. మచ్చ చూడరు, ఊరు చూస్తారు. సాయంత్రం వార్డెన్ సార్ పిలిచి, కోపంగా ఏం కాదు, మామూలుగానే చెప్పారు. "అందరికీ అంటుకుంటే నాకు మాట వస్తుంది బాబూ, ఇంటికెళ్ళి తగ్గాక రా." సోమవారం నుంచి ప్రాక్టికల్స్. వెళ్తే ఆ పరీక్షలు పోయినట్టే. ఇంటికి వెళ్ళి అమ్మతో ఏం చెప్పాలి, గజ్జి అని పంపించేశారనా?

అప్పటికే మెడికల్ షాపులో ఒక ట్యూబు కొని పూస్తున్నాను. చెయ్యి చూపిస్తే షాపతను ఆలోచించకుండా ఇచ్చాడు, "ఫంగస్ అయినా, బాక్టీరియా అయినా, ఎలర్జీ అయినా అన్నిటికీ ఇదే" అన్నాడు. మెస్‌లో వంట చేసే పెద్దమ్మ పాపం జాలిపడి, నిమ్మచెక్క రుద్దితే పొక్కులు మాడిపోతాయి, మచ్చ కూడా పోతుంది అంది. దేవుడి దయ వల్ల ఆ పని చెయ్యలేదు. ఎందుకో మీకే అర్థమవుతుంది.

గురువారం వార్డెన్ సార్‌ని ఒక్కరోజు ఆగమని అడిగి గవర్నమెంట్ ఆస్పత్రి చర్మవ్యాధుల ఓపీకి వెళ్ళాను. రెండు గంటలు లైన్. లోపల ఉన్న డాక్టర్ మేడమ్ చెయ్యి పట్టుకుని ఒకసారి తిప్పి చూసి, మందు రాయకుండా ఒక ప్రశ్న వేశారు.

"ఆదివారం నిమ్మకాయలు పిండావా?"

నిజంగా ఒళ్ళు జలదరించింది. ఆమెకి ఎలా తెలుసు? నేను నిమ్మకాయ మాటే ఎత్తలేదు. నా ముఖం చూసి ఆమె నవ్వి, మెడ వెనక్కి తిప్పమన్నారు. అక్కడ నాలుగు ముదురు గీతలున్నాయి, నేను చూసుకోలేదు. "నీ కుడి చెయ్యి మెడ వెనక పెట్టు" అన్నారు. పెట్టాను. అద్దం ఇచ్చి చూడమన్నారు. ఆ నాలుగు గీతల మీద నా నాలుగు వేళ్ళు సరిగ్గా పడ్డాయి.

"రోగానికి వేళ్ళుండవు బాబూ. ఇది నువ్వు గీసుకున్న బొమ్మ" అన్నారు.

తర్వాత ఆమె చెప్పింది, నేను లైబ్రరీలో చదివింది కలిపి రాస్తున్నాను. దీన్ని ఫైటోఫోటోడెర్మటైటిస్ అంటారు. పేరు చూసి భయపడొద్దు. ఫైటో అంటే మొక్క, ఫోటో అంటే వెలుతురు, డెర్మటైటిస్ అంటే చర్మం వాచిపోవడం. పేరులోనే కథ అంతా ఉంది. మొక్క ఒక్కటే ఉంటే రాదు, ఎండ ఒక్కటే ఉంటే ఇలా రాదు. రెండూ ఒకేసారి ఒకే చోట చర్మం మీద కలవాలి.

నిమ్మకాయలో, ముఖ్యంగా తొక్కలో, ఫ్యూరనోకౌమరిన్లు అనే పదార్థాలుంటాయి. సొరాలెన్, బెర్గాప్టెన్ ఆ కుటుంబంలోవే. ఫంగస్ నుంచి, తినే పురుగుల నుంచి కాచుకోవడానికి మొక్క వాటిని తయారు చేసుకుంటుంది. కాయని చేత్తో నలిపితే తొక్కలోని నూనె కూడా రసంతో కలిసి వస్తుంది. అది చర్మంలోకి ఇంకుతుంది. అంటుకున్న అరగంట నుంచి రెండు గంటల లోపు చర్మం అన్నిటికంటే ఎక్కువ తయారుగా ఉంటుంది. అప్పుడు ఎండలోని యూవీ-ఎ కిరణాలు, అంటే 320 నుంచి 400 నానోమీటర్ల మధ్యవి, పడితే ఆ పదార్థం మేల్కొంటుంది. వెళ్ళి కణంలోని డీఎన్ఏకి అతుక్కుంటుంది, కణం పొరల్ని కూడా పాడుచేస్తుంది. కణాలు చచ్చిపోతాయి. పైపొర కిందపొర నుంచి విడిపోయి మధ్యలో నీరు చేరుతుంది. అదే బొబ్బ. అంటే ఇది ఒక రకం కాలిన గాయమే.

మరి ఆదివారం కాలితే మంగళవారం దాకా ఎందుకు ఆగింది? నన్ను తికమక పెట్టింది ఇదే. వేడి గిన్నె తగిలితే అప్పుడే తెలుస్తుంది కదా. కానీ ఇక్కడ కాల్చింది వేడి కాదు, డీఎన్ఏ దెబ్బ. కణం ఆ దెబ్బ తిని చావడానికి, చుట్టూ వాపు రావడానికి టైం పడుతుంది. మామూలుగా ఒక రోజు తర్వాత మొదలై, రెండో రోజు, మూడో రోజు బాగా ముదురుతుంది. అందుకే చాలామందికి నిమ్మకాయ గుర్తే రాదు. మూడు రోజుల కిందట ఏం పిండామో ఎవరికి గుర్తుంటుంది? నిన్న తిన్నదాని మీద, పక్కవాడి దుప్పటి మీద పెడతారు.

ఇంకో అనుమానం అడిగాను. "మేడమ్, నిమ్మకాయని పట్టుకుంది అరచేత్తో. అరచేతికి ఏం కాలేదు, చేతి వెనక ఎందుకు కాలింది?" ఆమెకి ఈ ప్రశ్న నచ్చినట్టుంది, వెనక లైన్ ఉన్నా ఆగి చెప్పారు. అరచేతి చర్మం మందం, అంత తేలిగ్గా ఇంకదు. పైగా పిండేటప్పుడు అరచెయ్యి మూసుకుని ఉంటుంది, ఎండ చూసేది చేతి వెనక భాగమే. ఎడమ చేతికి నేను గడియారం పెట్టుకున్నాను. ఆ బెల్టు కింద చర్మం శుభ్రంగా ఉంది, పైనా కిందా చారలున్నాయి. చొక్కా చేతులు మడిచిన చోట గీసినట్టు ఆగిపోయింది. రసం కారిన దారి, ఎండ తగిలిన మేర, ఈ రెండూ ఎక్కడ కలిశాయో అక్కడే.

అంటుకునే రోగాలు ఇలా ఉండవు అని ఒక్కొక్కటీ చూపించారు. గజ్జి అయితే చర్మంలో పురుగు సొరంగం చేసుకుని ఉంటుంది. వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ వస్తుంది, రాత్రిళ్ళు దురద చంపేస్తుంది, చాలాసార్లు రూములో ఇంకొకరికి కూడా ఉంటుంది. తామర అయితే గుండ్రంగా, అంచు పొట్టు లేచి, వారాల తరబడి నెమ్మదిగా పెద్దదవుతుంది. సర్పి అయితే ఒంటికి ఒక పక్కనే పట్టీలా వస్తుంది, చాలాసార్లు ముందే లోపల నొప్పి ఉంటుంది. నాది రెండు చేతులకీ, మెడకీ ఉంది, కారిన నీళ్ళలా ఉంది, ఆదివారం తడి తగలని చోట ఒక్క పొక్కూ లేదు. బొబ్బలోని నీరు పక్కవాడికి తగిలినా వాడికి ఏమీ రాదు, ఎందుకంటే అందులో బతికున్న క్రిమి ఏదీ లేదు.

నేను ఊరుకోలేదు. "వార్డెన్ సార్ నమ్మరు మేడమ్" అన్నాను. ఆమె ఒక చోట అంచు నుంచి కొంచెం పొట్టు గీకి, గాజు పలక మీద పెట్టి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి సూక్ష్మదర్శిని కింద చూడమని లాబ్‌కి పంపారు. ఫంగస్ ఉంటే దారాల్లా కనబడుతుంది. లేదు. "నాకు ఈ పరీక్ష అవసరం లేదు, మీ వార్డెన్ గారికి అవసరం" అన్నారు. తర్వాత ఓపీ చీటీ వెనక, ఇది మొక్క రసం, ఎండ వల్ల వచ్చింది, అంటువ్యాధి కాదు, విడిగా ఉంచక్కర్లేదు అని రాసి, సంతకం పెట్టి, ముద్ర వేశారు.

ట్యూబు చూపిస్తే మాత్రం తిట్టారు. అందులో గట్టి స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిసి ఉన్నాయట. ఆమె రాసింది కూడా స్టెరాయిడ్ పూతే, ఐదు రోజులకి. "మరి తేడా ఏంటి మేడమ్?" అంటే, "నీది కాలిన వాపు అని నాకు తెలుసు కాబట్టి కొద్దిరోజులకి లెక్కపెట్టి ఇచ్చాను. నిజంగా తామర అయ్యుంటే ఆ ట్యూబు పైకి మంట తగ్గించి లోపల దాన్ని పెంచేది. రోగం ఏంటో తెలియకుండా అన్నిటికీ ఒకే మందు పూయకూడదు" అన్నారు. ఇంకా చల్లటి తడిగుడ్డ రోజుకి మూడు నాలుగు సార్లు వెయ్యమన్నారు, బొబ్బలు చిదమొద్దన్నారు, వాటంతట అవి పగిలితే సబ్బునీళ్ళతో కడిగి వాజలైన్ రాసి గుడ్డ కట్టమన్నారు. పొడుగు చేతుల చొక్కా వేసుకోమన్నారు. ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పారు. పగిలిన బొబ్బలో మురికి చేరితే అప్పుడు నిజంగానే ఇన్ఫెక్షన్ రావచ్చు. చీము, చుట్టూ వేడిగా వాపు పాకడం, జ్వరం, ఇవి కనబడితే వెంటనే రమ్మన్నారు. అది నిమ్మకాయ తెచ్చిన ఇన్ఫెక్షన్ కాదు, తెరిచిన పుండులోకి తర్వాత వచ్చినది.

చీటీ చూశాక వార్డెన్ సార్ రెండుసార్లు చదివి ఉండమన్నారు. పళ్ళెం మళ్ళీ అందరితో పెట్టారు. చాప తీసినవాడు మాత్రం రెండు రోజులు చూసి, తనకి ఏమీ రాలేదని తేల్చుకున్నాకే దగ్గరికి వచ్చాడు. సైన్స్ స్టూడెంటే వాడు. ఒకరకంగా వాడు చేసింది ప్రయోగమే అనుకుని నవ్వుకున్నాను.

నేను కూడా ఒకటి సరిచూసుకోవాలనిపించింది. ఆ రోజు వచ్చిన నలుగుర్నీ అడిగాను. నాతో పాటు బయట కూర్చుని పిండినవాడికి రెండు చేతుల వెనకా పొక్కులు. వాడు ఎవరికీ చెప్పకుండా ఫుల్ హ్యాండ్స్ వేసుకుని తిరుగుతున్నాడు. నాలాగే పంపించేస్తారని భయం. మూడోవాడు స్టోర్ రూములో కూర్చుని పొద్దుటినుంచి కాయలు కోశాడు, మాకంటే ఎక్కువ కాయలు ముట్టుకున్నాడు. వాడికి ఒక్క మచ్చ లేదు. నాలుగోవాడు మాతో పాటు ఎండలోనే పిండాడు కానీ మధ్యమధ్యలో గ్లాసులు అందించడానికి వెళ్ళాలి కాబట్టి ప్రతిసారీ సబ్బుతో మోచేతి దాకా కడుక్కున్నాడు. వాడికి వేళ్ళ మీద రెండు చుక్కలు, అంతే. నిమ్మకాయ పులుపు కాల్చి ఉంటే ముందు కాలాల్సింది స్టోర్ రూములో వాడు. ఒకళ్ళ నుంచి ఒకళ్ళకి అంటేదైతే కలిసి పడుకున్న నలుగురికీ రావాలి. ఇద్దరికి బాగా, ఒకడికి కొంచెం, ఒకడికి లేదు. లెక్క అంతా ఎండ దగ్గర, సబ్బు దగ్గర తేలిపోయింది.

ఎలర్జీ కూడా కాదా అని కొందరు అడిగారు. కాదు. ఎలర్జీ అయితే ఒంటికి ఆ వస్తువు ముందే పరిచయం అయి, శరీరం దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకోవాలి, కొందరికే వస్తుంది. ఇది మొదటిసారే రావచ్చు, రసమూ ఎండా సరిపడా పడితే ఎవరికైనా రావచ్చు. సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు మా అమ్మమ్మ చెయ్యి చూసి "జీడి కారింది" అంది. మన వైపు నల్లజీడి, జీడిమామిడి పిక్కల జీడి తగిలి ఒళ్ళు పేలడం అందరికీ తెలుసు కాబట్టి అలా అనుకోవడంలో తప్పు లేదు. చూడ్డానికి చారలు, బొబ్బలు దాదాపు అలాగే ఉంటాయి. తేడా ఏంటంటే జీడికి ఎండతో పని లేదు, చీకటి గదిలో అంటినా పేలుతుంది, దురద విపరీతంగా ఉంటుంది. నిమ్మకి ఎండ కావాలి. అమ్మమ్మకి ఇది చెప్తే, "అయితే రాత్రిపూట పిండుకోండి" అంది. డాక్టర్ మేడమ్ చెప్పినదానికంటే పొట్టిగా చెప్పింది.

అమ్మమ్మే ఇంకో మాట అంది. బొల్లికి బావంచాల గింజలు నూరి రాసి ఎండలో కూర్చోబెట్టేవాళ్ళని. అది విని నేను ఆగిపోయాను. బావంచాల్లో ఉన్నదీ సొరాలెనే. ఆ పేరు కూడా ఆ మొక్క పాత శాస్త్రీయ నామం, సొరాలియా నుంచి వచ్చిందే. తెల్లమచ్చ మీద రంగు రప్పించడానికి ఆస్పత్రుల్లో సొరాలెన్ మందు ఇచ్చి, కొలిచి యూవీ-ఎ వెలుతురు పెడతారు. అక్కడ కొలత ఉంది. మనం పెళ్ళిలో కొలత లేకుండా అదే వైద్యం చేసుకున్నాం. బావంచాలు రాసి ఎక్కువసేపు ఎండలో ఉంటే బొబ్బలు వచ్చేవని కూడా అమ్మమ్మకి తెలుసు. దయచేసి ఇది చదివి ఎవరూ ఇంట్లో మొదలుపెట్టొద్దు.

గోధుమ చారల సంగతి. నా బొబ్బలు వారంలో ఎండిపోయాయి. తగ్గిపోయింది అనుకునే లోపు, పదో రోజు నుంచి అవే దారుల్లో ముదురు గోధుమ రంగు గీతలు తేలాయి. కొందరికి బొబ్బలే రావు, నేరుగా ఈ గీతలే కనబడతాయి, అసలు కాలినట్టే తెలియదు. దెబ్బతిన్న చర్మం రంగు ఎక్కువ తయారు చేస్తుంది, అందులో కొంత కింది పొరలోకి జారి అక్కడే చిక్కుకుంటుంది. అది వారాలు, ఒక్కోసారి నెలలు ఉండి దానంతట అదే పోతుంది. రోగం మళ్ళీ తిరగబెట్టిందని కంగారు పడక్కర్లేదు. గోకడం, ఏదో ఒక క్రీము రుద్దడం చేస్తే ఇంకా ముదురుతుంది. నిమ్మచెక్క రుద్ది ఎండలోకి వెళ్తే మొదటికి వచ్చినట్టే.

ఇక్కడ చెల్లెళ్ళకి ఒక మాట. రంగు తేలడానికని, మొటిమల మచ్చలకని ముఖానికి నిమ్మరసం రాసుకుని కాలేజీకి వెళ్ళేవాళ్ళు మన హాస్టళ్ళలో చాలామంది ఉన్నారు. చుండ్రుకి తలకి నిమ్మరసం పట్టించి ఎండలో జుట్టు ఆరబెట్టుకుంటే నుదుటి మీదికి, చెవుల వెనక్కి కారుతుంది. మచ్చ పోవాలని రాసింది నల్ల చార పెట్టిపోతుంది. మబ్బుగా ఉంది కదా, బస్సులో కిటికీ అద్దం వేసి ఉంది కదా అనుకోవద్దు. యూవీ-ఎ మబ్బులోంచీ, మామూలు అద్దంలోంచీ కూడా చాలావరకు వస్తుంది. నిమ్మ ఒక్కటే కాదు, సదాపాకు రసం, అంజూర చెట్టు పాలు కూడా ఇదే పని చేస్తాయి.

తర్వాత కేటరింగ్ మేస్త్రికి చెయ్యి చూపించాను. ముందు "నిమ్మకాయకి బొబ్బలేంట్రా" అని నవ్వాడు. రెండోవాడి చెయ్యి కూడా చూపిస్తే ఆలోచించాడు. ఇప్పుడు కాయలు పిండేది టెంటు లోపలే. బల్ల మీద ఒక సబ్బు కూడా పెడుతున్నాడు. బయట అడుగుపెట్టేముందు మోచేతి దాకా సబ్బుతో కడగాలి, ఉత్త నీళ్ళతో తొక్కలోని నూనె సరిగ్గా పోదు. చొక్కాకి తుడుచుకుంటే అసలే పోదు, నేను చేసింది అదే.

ప్రాక్టికల్స్ నాలుగూ రాశాను. బోటనీ రోజు కట్టు కట్టిన చేత్తోనే సెక్షన్ కోశాను, కొంచెం మందంగా వచ్చింది, మార్కులు తగ్గాయి. ఇప్పుడు జూలై. చేతి మీద గీతలు బాగా పలచబడ్డాయి, తెలిసినవాళ్ళకే కనబడతాయి. మెడ మీద నాలుగు వేళ్ళలో మూడు పోయాయి, చూపుడు వేలి గుర్తు ఇంకా ఉందని మొన్న క్షౌరం చేసే అన్న చెప్పాడు. ఓపీ చీటీ నా రికార్డు పుస్తకంలోనే ఉంది. ఎవరినైనా ఇలాగే ఇంటికి పొమ్మంటే నాకు చెప్పండి, అది తీసుకుని మీతో పాటు వస్తాను. మీ చెయ్యి మాత్రం డాక్టర్‌కే చూపించాలి, నా చీటీ మీ చేతికి చెల్లదు.